తిరగేసిన ఫ్యాను

డిసెంబరు రెండో వారంలో ఫర్హానా నుంచి అలివేలుకు ఫోన్ వచ్చింది. హెబ్బగోడిలో ఫ్యాక్టరీ పనికి వెళ్ళే తల్లుల పిల్లల్ని పగలంతా చూసుకునే చోటు నడుపుతుంది ఫర్హానా.

"అక్కా, ఇంకో హీటరు పెట్టాల. వచ్చి వైరు లాగిస్తారా?"

అలివేలు భర్తది ఫ్యాన్లు బాగుచేసే దుకాణం. ఆయన పోయాక మూడేళ్ళుగా ఆమే నడుపుతోంది. మోటారుకు రాగి తీగ వైండింగు చుట్టడం ఆయన పక్కన కూర్చునే నేర్చుకుంది. అయినా ఆమె చేతికి పని ఇచ్చేవాళ్ళు తక్కువే. అందుకే ఫోన్ పెట్టేసిన వెంటనే సంచి భుజాన వేసుకుని బయల్దేరింది.

ఆ చోటు ఒకప్పుడు గోడౌను. పైకప్పు చాలా ఎత్తు. గోడ పక్కన ఇనుప జాలీ వెనక రెండు హీటర్లు వెలుగుతున్నాయి. చాపల మీద ఇరవై మంది పిల్లలు దుప్పట్లలో ముడుచుకుని పడుకున్నారు. ఆయా గౌరమ్మ ఒక పిల్లవాడి అరచేతులు రుద్దుతోంది.

"దగ్గు తగ్గకపోతే పని మానేసి ఇంట్లోనే ఉంటామంటాండారు నలుగురు తల్లులు," అంది ఫర్హానా. "మానేస్తే వాళ్ళకి జరిగేదెట్లా?"

అలివేలు మీటరు బోర్డు విప్పి చూసింది. వైర్లు అప్పటికే వేడెక్కి ఉన్నాయి. "ఇంగొకటి పెడితే కాలిపోతాది తల్లీ. ఈ వైరింగు తట్టుకోదు," అంది.

ఫర్హానా ముఖం చిన్నబోయింది. పైన వైర్లు ఎలా ఉన్నాయో చూద్దామని అలివేలు నిచ్చెన ఎక్కింది. నాలుగు మెట్లు ఎక్కేసరికి చెవులు వెచ్చబడ్డాయి. ఫ్యాను దగ్గరికి చేరేసరికి నుదుట చెమట పట్టింది. గోడకున్న థర్మామీటరు అడిగి తీసుకుని పైన కాసేపు పట్టుకుంది. ఇరవై ఆరు డిగ్రీలు. కింద చాప దగ్గర పద్దెనిమిదే.

హీటర్ల వేడంతా పైకప్పు కింద ఊరికే నిలిచి ఉంది.

అప్పుడే ఆమెకు రెండేళ్ళ కిందటి వేసవి గుర్తొచ్చింది. తన వీధిలోనే ఉండే మారప్ప ఫ్యానుకు కొత్త వైండింగు చుట్టి, కెపాసిటరు దగ్గర వైరు అటుదిటు కలిపేసింది. మర్నాడే ఆయన వీధంతా వినేలా అరిచాడు: "తిరుగుతాది గానీ గాలి మాత్రం రాదు!" రెక్కలు వెనక్కి తిరిగి, గాలిని కిందికి తోయకుండా పైకి లాగాయి. ఆ అవమానం చాలా రోజులు మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఆ తప్పే ఇప్పుడు కావాలి.

కరెంటు తీయించి, ఫ్యాను పైనున్న గిన్నెలాంటి మూత దించి, వైరును కెపాసిటరు రెండో వైపుకు మార్చింది. కింద నుంచి గౌరమ్మ సణిగింది. "చలికాలంలో ఫ్యాను ఏస్తారా ఎవురన్నా? పిల్లోళ్ళు కొయ్యబారిపోతారు."

స్విచ్ వేశారు. రెగ్యులేటరు ఐదు మీద ఉండిపోయింది. ఫ్యాను వెనక్కే తిరిగింది కానీ గోడల వెంట దిగిన గాలి జోరుగా దొర్లడంతో పిల్లలు దుప్పట్లు లాక్కున్నారు. గౌరమ్మ స్విచ్ వైపు చెయ్యి చాపింది.

"ఉండక్కా. తప్పు నాదే," అంటూ అలివేలు రెగ్యులేటరు ఒకటికి తిప్పింది.

రెక్కలు లెక్కపెట్టగలిగేంత నెమ్మదిగా తిరిగాయి. గాలి ఒంటికి తెలియడం లేదు. చల్లని గాలి మధ్యలోంచి పైకి వెళ్తుంది, పైన నిలిచిన వేడి కప్పును రాసుకుంటూ వెళ్ళి గోడల వెంట కిందికి దిగుతుంది. అలివేలు చాప పక్కన థర్మామీటరు పెట్టి, దాని ముందే కూర్చుంది. పది నిమిషాలకు ఏమీ కదల్లేదు. అరగంటకు ఇరవై దాటింది. ముప్పావు గంటకు ఇరవై ఒకటిన్నర.

గౌరమ్మ ఇందాకటి పిల్లవాడి చెయ్యి పట్టుకుని చూసింది. ఇంకోసారి చూసింది. "వెచ్చగా ఉండాది," అంది, తనలో తాను అనుకున్నట్టు.

మర్నాడు అలివేలు మళ్ళీ వచ్చి గోడ మీద ఫ్యాను తిరిగే దిక్కును మార్చే స్విచ్ ఒకటి బిగించింది. "ఫ్యాను పూర్తిగా ఆగినాకే మార్చాల," అని రెండుసార్లు చెప్పింది. ఆ నెల ఒక్క తల్లీ పని మానలేదు.

మార్చి చివర ఎండ ముదిరాక ఫర్హానా మళ్ళీ పిలిచింది. ఈసారి స్విచ్ మార్చింది గౌరమ్మే. కింద నుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురు దిక్కులో తిరుగుతూ రెక్కలు గాలిని సూటిగా కిందికి తోశాయి. రెగ్యులేటరు నాలుగు మీద పెట్టారు. చెమట ఆరి పిల్లలు కాళ్ళు బారజాపుకుని పడుకున్నారు.

"సాయంత్రం అందరూ పోయినాక ఆపేయండి," అంది అలివేలు. "ఇది గదిని చల్లబరచదు, మనిషిని చల్లబరుస్తాది. మనిషి లేకుంటే తిరిగీ దండగే."

బిడ్డను చేర్చడానికి వచ్చిన ఒక కొత్త తల్లి గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నది. "మా జిగణి ఫ్యాక్టరీలో పెద్ద హాలుంది అక్కా, ఎనిమిది ఫ్యాన్లు. ఆడ గూడా ఇట్లాంటి స్విచ్ పెట్టే సంగతి మా సూపర్‌వైజర్‌తో మాట్లాడతారా?" అని అడిగింది.

అలివేలు సంచిలోంచి ఫోన్ తీసి, "నంబరు చెప్పమ్మా," అంది.