బొట్టు పెట్టిన ఖాళీ సిలిండరు

పెనమ్మీద దోసె సగం కాలిందో లేదో, మంట ఎర్రబారి ఆరిపోయింది. జగ్గయ్యపేట బస్టాండు ఎదుటి హోటలు నిండా పెనుగంచిప్రోలు తిరునాళ్ల జనం కూర్చుని ఆకలితో పెనం వైపు చూస్తున్నారు.

"ఇంకోటి ఉందిగా, మార్చెయ్ బాబ్జానూ!" అంది హోటలు నడిపే సీతారావమ్మ ధీమాగా. నిండు సిలిండరు రాగానే ఆవిడ పసుపు రాసి బొట్టు పెడుతుంది, వాడకంలోకి దించేటప్పుడు తడిగుడ్డతో తుడిచేస్తుంది. మూలనున్న సిలిండరుకి బొట్టు నిక్షేపంగా ఉంది.

దోసెల మాస్టరు బాబ్జాన్ దాన్ని ఎత్తి, నోరెళ్లబెట్టాడు. "అమ్మా, ఇది ఖాళీదమ్మా!"

సీతారావమ్మ మొగుడి వంక చూసింది. భవానీప్రసాద్ చూపు తిప్పుకున్నాడు.

"నందిగామ శాంతయ్యకి పెళ్లి వంటలున్నాయంటే నిండుది ఇచ్చా. వాడి ఖాళీది తెచ్చిపెట్టా. రేపు తెచ్చేస్తానన్నాడే!"

"మరి ఈ బొట్టు?"

"నువ్వు గొడవ చేస్తావని... నేనే పెట్టా."

ఆవిడ ఒళ్లు భగ్గుమంది. ఈ పిండి రేపటికి పులిసిపోతుంది. ఈ పూట అమ్మకం లేకపోతే రేపు మినప్పప్పు కొనే దారి లేదు. పక్క హోటలువాడు అప్పుడే "రండి రండి" అని కేకలేస్తున్నాడు.

"అయిపోయినదాన్ని పడుకోబెట్టి, వేణ్ణీళ్లు పోస్తే కాసేపు వస్తుందే!" అన్నాడు భవానీప్రసాద్.

"హోటలు తగలబెడతారా? దాని జోలికి వెళ్లారంటే మర్యాదగా ఉండదు!" రెగ్యులేటరు తనే కట్టేసి జనం వైపు తిరిగింది. "దోసెల్లేవండీ. వేడివేడి పునుగులు వేస్తున్నా, కాస్త కూర్చోండి."

పెరట్లో, సిలిండర్లకు దూరంగా, నీళ్లు కాచే ఇటుకల పొయ్యి ఉంది. పత్తికట్టె మంట ఒకసారి ఎగుస్తుంది, ఒకసారి పడుతుంది. దాని మీద పెనం సమంగా కాలదు, మూకుడైతే కాగుతుంది. బాబ్జాన్ దోసెల పిండిలో మైదా కలిపి గట్టి చేశాడు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర పడ్డాయి. మంట ఎగదోసే పని మొగుడిది. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే "పొగే!" అన్నాడు.

"కారనివ్వండి. బొట్టు పెట్టే చేతులకి ఆ మాత్రం పని ఉండాలిగా!"

కొందరు విసుక్కుంటూ లేచిపోయారు. మొదటి వాయి వాసన వీధిలోకి వెళ్లాక ఇద్దరు ముగ్గురు వెనక్కి వచ్చారు. ఆఖరి బస్సు కదిలేసరికి పిండిగిన్నె అడుగు గీకాల్సి వచ్చింది.

"అంతా అమ్ముడైందిగా! ఇంకా ఆ మొహమేంటే?" అన్నాడు భవానీప్రసాద్ తేలిగ్గా.

"సిలిండరు ఇచ్చినందుకు కాదు నా కోపం! అడిగితే తిట్టి, నేనే ఇచ్చేదాన్ని. నా బొట్టుతో నన్నే మోసం చేశారు చూడండి, అదీ!"

మర్నాడు శాంతయ్య నిండు సిలిండరు పంపించాడు. భవానీప్రసాద్ కుంకుమ భరిణె తెచ్చి ఆవిడ ముందు పట్టుకున్నాడు. సీతారావమ్మ భరిణె వైపు చూడలేదు. వంగి, రెండు చేతులతో సిలిండరు ఎత్తి బరువు చూసుకుంది.

"భరిణె లోపల పెట్టండి. ఇక బొట్టు పెట్టను," అంది.