మేడమ్ కోసిన పైపు

మా కాలేజీ వైవాలో ఇద్దరు కూచుంటారు. బయటి కాలేజీ సార్ ప్రశ్నలడుగుతాడు. మాకు పాఠం చెప్పినోళ్ళు పక్కన గమ్మున ఉండాల. నా వైవాకి పక్కనుండింది హైమవతి మేడమ్. ఈ తమిళ ఊళ్ళో నాతో తెలుగులో మాట్లాడే ఒకే లెక్చరర్.

వైవా పోతే మనలి అనే ఊళ్ళో కంపెనీలో వచ్చిన ఉద్యోగం పోతాది. "ఐటీకి పోవే జీవితా" అన్నోళ్ళందరి మీదా ఎగిరినదాన్ని నేను. మెకానికల్ చదివినందుకు మెకానికల్ పనే చేస్తానని గొంతు చించుకున్నా.

బయటినుంచి వచ్చిన సుబ్బన్ సార్ కాగితం మీద బాయిలర్ డ్రమ్ము గీసినాడు. "లోపల ఆవిరి ఒత్తిడి. చుట్టూరా రేకులో పుట్టే హూప్ స్ట్రెస్ ఎంత?" అని ఇంగ్లీషులో అడిగినాడు.

పైన ప్రెషర్ ఇంటూ డయామీటర్. కింద రేకు మందం. ఆడిదాకా వచ్చింది. మందం ముందర రెండా, నాలుగా? పాడు బుర్ర, రానే రాదే! సార్ పెన్ను టకటకా కొడతా ఉన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"మేడమ్ ఆ యూనిట్ సరిగా చెప్పలేదు సార్" అనేసినా.

మేడమ్ నా వైపు చూడను కూడా చూడలేదు. "అవును సార్, పోర్షన్ కొంచెం హడావిడిగా అయింది" అనింది.

అయ్యో! క్లాసుకి పీవీసీ పైపూ రంపమూ తెచ్చి, నిలువునా కోసి, సగం నా చేతిలోనే పెట్టింది కదా ఆమె! "ఒత్తిడి ఈ సగాన్ని తోస్తే పట్టుకునేది రెండు అంచులేనే, చూడు" అనింది కదా! సిగ్గుతో చెవులు కాలిపోయినాయి. చెయ్యి మాత్రం గీయబట్టింది. తోసే బలం ప్రెషర్, డయామీటర్, పొడుగుల లబ్ధం. ఆపేది రెండు అంచులు, ఒక్కోటి మందం ఇంటూ పొడుగు. పొడుగు కొట్టేసుకుపోయింది. కింద మిగిలింది రెండు మందాలు. రెండే! నాలుగొచ్చేది మూతల వైపు లాగే స్ట్రెస్‌కి. అది ఇందులో సగమే, అందుకే పైపు నిలువునా చీలతాది. అన్నీ చెప్పినా.

"శభాష్! క్లాసులో చెప్పకపోయినా సొంతంగా రాబట్టింది" అన్నాడు సార్, మేడమ్‌తో.

మేడమ్ తలూపింది. నేను ఒక్క మాట, "మేడమే చెప్పింది సార్" అంటే సరిపోయేది. సార్ మార్కులు వేస్తా ఉన్నాడే అని నోరు మూసుకున్నా. ఛీ, నా బతుకు!

లేచి వస్తా ఉంటే మేడమ్ మెల్లగా తెలుగులో అనింది. "బయట నీ తర్వాత రావాల్సిన అజిత్ వణికిపోతా ఉంటాడు. ఫార్ములా మరిచిపోతే 'మరిచిపోయినా సార్' అని చెప్పేసి, బొమ్మ గీయమను. ఏం కాదని చెప్పు."

బయట అజిత్ నా చెయ్యి పట్టుకున్నాడు. మేడమ్ చెప్పమన్నది చెప్పినా.

"నువ్వూ అట్లే చెప్పినావా?" అన్నాడు.

"లేదురా" అన్నా. వాడి మొహం చూడలేకపోయినా.