ఢిల్లీకి వినిపించింది

మధ్యాహ్నం గిరిప్రసాద్ గొంతు తిరుపతిలోని మా హామ్ రేడియో క్లబ్బు గదిలో పక్కనే కూర్చుని మాట్లాడినట్టు వినిపించింది. తుఫానుకు, మా మాటల్ని అందుకుని దూరానికి పంపే కొండమీది రిపీటరు ఆగిపోయింది. చిత్తూరు అవతల సెల్‌ టవర్లు పడిపోయాయి, వంకలు పొంగి దారులు తెగాయి. కొండేటి డ్యాము కింద మునగలపల్లెలో బ్యాటరీతో రేడియో పెట్టుకుని కూర్చున్నవాడు మా ఆయన గిరి ఒక్కడే. మాకు పెళ్ళై నెల కాలేదు. మాటలు ముగిస్తూ "ఎయిటీ ఎయిట్" అన్నాడు. రేడియోవాళ్ళ భాషలో ముద్దులని అర్థం. గదిలో అందరూ నవ్వారు.

"ఏమ్మా సుజనా, ఈ ఫ్రీక్వెన్సీ విపత్తుకా, మీ కాపురానికా?" అన్నారు క్లబ్బు అధ్యక్షుడు దేవరాజులు సారు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. ఎంత బాగుండిందో.

ఐదున్నరకు డ్యాము కబురు వచ్చింది: ఎనిమిదింటికి గేట్లు ఎత్తుతారు, పల్లెకు చెప్పండి.

అప్పటికే చీకటి పడుతోంది. ఏడు మెగాహెర్ట్జ్‌లో పిలిచాం. గిరి పలకలేదు. మళ్ళీ పిలిచాం. గిరికి బదులు ఢిల్లీ పలికింది: "తిరుపతి, ఫైవ్ నైన్! గొప్పగా వినిపిస్తోంది."

వాతావరణ పరిశోధన కేంద్రంలో పనిచేసే నా స్నేహితురాలు స్రవంతికి ఫోన్ చేశాను. అక్కడి యంత్రం ఒక్కో ఫ్రీక్వెన్సీని నిట్టనిలువుగా ఆకాశంలోకి పంపి, ఏది తిరిగొస్తుందో చూస్తుంది.

"ఐదు మెగాహెర్ట్జ్‌కు పైన ఏదీ తిరిగి రావడం ల్యా," అంది. "ఇంకా పడిపోతా ఉండాది."

ఫోన్ పెట్టేసి దేవరాజులు సారుతో అన్నాను: "సార్, మన ఏడు ఆకాశాన్ని దాటి పైకి దూరిపోతోంది. మూడున్నర బ్యాండుకు దిగుదాం."

"దూరిపోతే ఢిల్లీకెట్ల ఇనబడతాదమ్మా?"

"ఢిల్లీకి ఏటవాలుగా పోతుంది కాబట్టి వంగి కిందికి దిగుతుంది. గిరి పక్క జిల్లాలోనే ఉన్నాడు. నిట్టనిలువుగా పోయి తిరిగి రావాలి. ఆకాశం పైపొరలో ఉన్న ఎలక్ట్రాన్లు తరంగంతోపాటు ఊగగలిగితేనే దాన్ని వెనక్కి పంపుతాయి. వాటికి అందనంత వేగంగా ఊపితే అది దాటిపోతుంది. ఎలక్ట్రాన్లు ఎన్ని ఎక్కువుంటే అంత వేగందాకా ఆపగలవు. పొద్దు గూకింది, అవి తగ్గిపోయాయి సార్. ఈ ఏడాది సూర్యుడి మీద మచ్చలు కూడా లేవు, అందుకే అవి మామూలుకన్నా తక్కువ."

"మధ్యాన్నం ఇదే ఏడులో నీ మొగుడు ముద్దులు పంపలా?"

"మధ్యాహ్నం ఎండ ఉంది సార్."

"ఎండా? తుఫానులోనా?" అందరూ మళ్ళీ నవ్వారు.

"మేఘాల పైన ఉంది!"

ఫ్రీక్వెన్సీ మార్చాలంటే డాబా మీది యాంటెన్నా తీగ దించి, దానికి రెండింతల పొడవున్న తీగ కట్టాలి. అంతసేపు ఢిల్లీ ఉండదు. నెట్, అంటే రేడియోలో అందరి మాటల వరస, నడిపేవాడు చెప్పనిదే ఎవరూ ఫ్రీక్వెన్సీ కదల్చకూడదన్నది మాలో కట్టుబాటు. ఆ పూట నెట్ దేవరాజులు సారుదే. "గిరి బ్యాటరీ అయిపోయుంటాదిలే. ఉండమ్మా, ఢిల్లీ పెద్దాయన లైన్లో ఉండాడు," అన్నారు. తిరుపతి వాన గురించి ఆ పెద్దాయనకు వివరంగా చెప్పారు. పక్కగదిలోకి పోయి పత్రికవాళ్ళకూ చెప్పారు. గంట ఏడు దాటింది.

నేను డాబా ఎక్కాను. వానలో తీగ దించాను, పొడవుది కట్టాను. పాపం, క్లబ్బు కుర్రాడు భానుచందర్ టార్చి పట్టుకుని నిలబడ్డాడు. "సారు తిడతాడు మే," అన్నాడు కానీ టార్చి ఆర్పలేదు. తడి తీగ జారి రెండుసార్లు కింద పడింది. కిందికొచ్చి రేడియో మూడున్నర బ్యాండుకు తిప్పాను.

గిరి అక్కడే ఉన్నాడు. గొంతు బొంగురుపోయింది.

"తిరుపతి, తిరుపతి... ఎవరైనా ఉండారా..."

"గిరీ! ఎనిమిదింటికి గేట్లు ఎత్తుతారు. అందరినీ..."

"ముందే ఎత్తేసినారు సుజనా. నీళ్ళు వచ్చేసినాయి. మనుషులం గుడి మిట్టకెక్కినాం." కాసేపు గరగర మాత్రమే వినిపించింది. "పొద్దు గూకినప్పటినుంచి ఈడనే పిలస్తా ఉండా. యాడ పోయినారు మీరంతా?"

దేవరాజులు సారు నా చేతిలోంచి మైకు తీసుకుని, "మనుషులకేం కాలా గదా? శభాష్!" అన్నారు.

మర్నాడు పత్రికలో ఆయన ఫొటో పడింది. ఢిల్లీదాకా వినిపించిన తిరుపతి గొంతు అని రాశారు.

దారి తెరిచాక గిరిని తీసుకురావడానికి మునగలపల్లెకు వెళ్ళాను. ఆ ఊరి చెంగమ్మ కొట్టంలో నాలుగు జెర్సీ ఆవులు కట్టుతాళ్ళతోనే మునిగి చచ్చిపోయాయి. ముందుగా తెలిసుంటే తోలుకుపోయేదాన్నని గిరితో చెప్పిందట. ఆమె బురదలోంచి తాళ్ళు పెరికి ఒకచోట వేస్తోంది.

"ఢిల్లీవాళ్ళకు ఇనబడిందంట గదమ్మా. పక్కనుండే మాకెందుకు ఇనబళ్ళా?"

"తీగ మార్చాల్సింది చెంగమ్మా."

"ఎంతసేపు పడతాది?"

"అరగంట."

ఆమె నా మొహంలోకి చూసింది. ఇంకో తాడు పెరకడానికి వంగింది.