తిప్పేసిన ముఖం

నాకు నోరెక్కువ అని మా బంధువులందరూ అంటారు. నిజమే, కాదనను. కూరగాయల బండి దగ్గర మొదలుపెడితే కరెంటాఫీసు దాకా నాతో పెట్టుకున్నవాడు ఎవడూ బాగుపడలేదు. అలాంటి నోరు ఆ ఒక్కరోజు, సరిగ్గా కావలసిన నిమిషంలో, పెగల్లేదు.

మా ఫోటో స్టూడియోలో ముందు గది నాది, వెనక గది మా తమ్ముడిది. నేను కంప్యూటర్ మీద ఫోటోలు బాగుచేసి ప్రింటు తీసి ఇస్తాను. వాడు ఆ ప్రింటు మీద గళ్ళు గీసుకుని, గుడ్డ మీద అదే లెక్కన పెద్ద గళ్ళు గీసి, రంగులతో మనిషంత పటం వేస్తాడు. ప్రింటులో ఎన్ని వెంట్రుకలుంటే పటంలో అన్నీ ఉంటాయి. అసలు ఫోటో ఎలా ఉందో వాడెప్పుడూ అడగలేదు. అక్క ఇచ్చిందంటే అంతే.

లారీల యార్డు నడిపే అన్నదమ్ముల్లో పెద్దవాణ్ణి ఊరంతా పెద్దన్న అనేది, రెండోవాణ్ణి చిన్నన్న. పెద్దన్నను యార్డు గేటు ముందే పట్టపగలు నలుగురు కలిసి నరికేశారు. ఆ నెత్తురు మీద ఇసక పోసిన మచ్చ ఇంకా రోడ్డు మీద ఉండగానే చిన్నన్న మా దగ్గరికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చొక్కా మాసిపోయింది. అన్న ఫోటో ఒకటే మంచిది ఉందని ఫోన్‌లోంచి పంపించాడు. ఆఫీసు గోడకు ఆరడుగుల పటం కావాలన్నాడు.

ఫోటో చూస్తే నాకు తల తిరిగింది. రిపేరు షెడ్డులో తీసింది. వెనక టైర్ల గుట్ట, ఎర్ర డ్రమ్ము, వేలాడే వైర్లు, ఎవడిదో సగం భుజం. ముఖానికి మనకు ఎడమవైపు నుంచి పసుపు బల్బు వెలుగు. కుడివైపు, కాస్త వెనగ్గా, తెరిచిన షట్టర్లోంచి నీలంగా పగటి వెలుగు చెవి అంచు మీద పడుతోంది. ఆ చెత్తంతా తీసేసి, వెనక తమ ఆఫీసు గోడ పెట్టాలని చిన్నన్న కోరిక. గోడ మీద ఇత్తడి అక్షరాలతో కంపెనీ పేరుంది. ఆ గోడ ఫోటో కూడా తెచ్చాడు. అదేమో మధ్యాహ్నం తీసింది, కుడివైపు కిటికీ. అక్షరాల నీడలన్నీ ఎడమకు పడుతున్నాయి.

వెళ్ళేముందు వెనక గదిలోకి వెళ్ళి తమ్ముడి కుడి చెయ్యి పట్టుకుని చూశాడు. వేళ్ళు ఒక్కొక్కటీ నొక్కాడు. తర్వాత మెల్లగా అన్నాడు. “మా అమ్మ చూడగానే మా అన్న లేచొచ్చాడనుకోవాలి. తేడా వస్తే ఈ చెయ్యి నాది.”

తమ్ముడు నవ్వాడు, భయమేసినప్పుడు వాడికి నవ్వొస్తుంది. ఇద్దరు పిల్లలున్నవాడు, కుంచె తప్ప ఇంకో పని రానివాడు. చిన్నన్న ఉత్తినే మాటలు చెప్పే రకం కాదని మాకిద్దరికీ తెలుసు.

ఇక నా ఘనకార్యం. మనిషిని కత్తిరించి గోడ ముందు పెట్టాను. వెంటనే తేడా కొట్టింది: ముఖానికి వెలుగు ఎడమ నుంచి, గోడకు కుడి నుంచి. ఎవరు చూసినా అతికించిన బొమ్మ అని చెప్పేస్తారు. గోడను తిప్పేద్దామంటే అక్షరాలు తిరగబడతాయి. వాటిని ఒక్కొక్కటీ కోసి సరిగ్గా పేర్చి, నీడలు మళ్ళీ కొత్తగా వెయ్యాలి. అంటే ఒక పూటంతా పని. నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషినే అద్దంలోలా తిప్పేశాను. ఒక్క నొక్కు. వెలుగు కుడికి వచ్చేసింది, గోడతో కలిసిపోయింది.

మిగతాదంతా ప్రాణం పెట్టి చేశాను, అది మాత్రం అబద్ధం చెప్పను. చొక్కా కాలరు తెలుపును ఆధారం చేసుకుని బల్బు పసుపు తగ్గించాను. ముఖం పగటి రంగుకొచ్చింది గాని చెవి అంచు మరీ నీలమైపోయింది, దాన్ని విడిగా పట్టి నీలం తీసేశాను. చెంప కింద ఎర్ర డ్రమ్ము నుంచి వచ్చిన ఎరుపు తుడిచాను. గోడను కాస్త మసకబరిచాను. గోడ మీద మనిషి నీడ ఎడమకు, మెత్తగా వేశాను. రెండూ ఒకే కెమెరా తీసినట్టుండాలని, ఫోన్ ఫోటోలో ఉన్న సన్నటి చుక్కల నలుసులు గోడకు కూడా అద్దాను. అంత చేసినదాన్ని, తిప్పేసిన చొక్కా జేబు కుడి రొమ్ము మీదకు వచ్చిందని చూసుకోలేదు. చెంప మీద మచ్చ చూశాను. ఏ చెంపైతే ఏమిటిలే, మచ్చ ఉంది కదా అనుకున్నాను.

చిన్నన్నకు ఫోన్‌లో పంపిస్తే, అచ్చం మా అన్నే అని జవాబిచ్చాడు. తమ్ముడు వారం రోజులు అన్నం కూడా అక్కడే తింటూ పటం పూర్తిచేశాడు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం చిన్నన్న, ఇద్దరు డ్రైవర్లు, వాళ్ళమ్మ వచ్చారు. పెద్దావిడ చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి తీసుకెళ్ళారు. తమ్ముడు పటం మీద గుడ్డ తీశాడు. ఆవిడ చాలాసేపు చూసింది. దగ్గరికెళ్ళి మచ్చ మీద వేలు పెట్టబోయి ఆగిపోయింది.

“వీడు నా పెద్దోడు కాదు,” అంది. “మచ్చ ఈ చెంప కాదు. ఆ రోజు నీ మీదికి విసిరిన ఉలికి వాడు అడ్డం వచ్చాడు కదరా. ఎడమ చెంప చీరుకుపోతే నా చేత్తో అదిమిపట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాను. నీకు తెలీదా ఏ చెంపో?”

చిన్నన్న ముఖంలో నెత్తుటి చుక్క లేదు. తనే చూసి ఒప్పుకున్న ఫోటో అది. తన కోసం పడిన దెబ్బ ఏ పక్కన ఉందో తనకే గుర్తులేదు. ఆ సిగ్గు ఎక్కడో దిగాలి కదా, తమ్ముడి మీద దిగింది.

మొదటి దెబ్బ చెంప మీద. వాడు రంగుల బల్ల మీద పడ్డాడు, నూనె సీసా పగిలింది. డ్రైవర్లలో ఒకడు ముందు గదిలోకి పోయి, లారీ చక్రాలు విప్పే వీల్‌స్పానర్‌తో నా కంప్యూటర్ బద్దలుకొట్టాడు. నేను గోడకు అతుక్కుపోయి నిలబడ్డాను. తప్పు ఎక్కడ జరిగిందో నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. నోరు తెరవలేదు.

రెండో దెబ్బ కాలితో, డొక్కలో. తమ్ముడు ముడుచుకుపోయి క్షమించమన్నాడు. “నాదే తప్పన్నా. గళ్ళు గీసేటప్పుడు ఎక్కడో పొరపాటు చేసుంటాను. మళ్ళీ వేస్తాను,” అని నెత్తురు మింగుతూ చెప్పాడు. వాడు నిజంగా అలాగే నమ్మాడు. అక్క ఇచ్చిన ప్రింటులో తప్పుండొచ్చని వాడికి తట్టనే లేదు. అయినా నేను నోరు తెరవలేదు.

మూడో దెబ్బకు వాడి పన్ను ఊడింది. పెద్దావిడ వద్దురా అంటూనే ఉంది, వినేవాడెవడు? డ్రైవర్లిద్దరూ కలిసి వాణ్ణి ఈడ్చుకొచ్చి, ఫోటోలు కత్తిరించే కట్టర్ మీద వాడి కుడి మణికట్టు పెట్టారు. చిన్నన్న కత్తి పిడి పట్టుకుని పైకెత్తాడు.

అప్పుడు అరిచాను. తిప్పింది నేనని, వాడికేమీ తెలియదని, ఆ చెయ్యి వదలమని. చిన్నన్న నమ్మలేదు. తమ్ముణ్ణి కాపాడుకోవడానికి చెబుతున్నానన్నాడు. చూపిద్దామంటే కంప్యూటర్ ముక్కలైంది, ప్రింటు పగిలిన సీసా నూనెలో నానిపోయింది, ఫోన్‌లో అసలు ఫోటో చూడమంటే వినిపించుకోలేదు. పటం మీదికి పరుగెత్తాను.

“జేబు చూడండి,” అన్నాను. “మగవాళ్ళ చొక్కాకి జేబు ఎడమవైపు కదా, ఇక్కడ కుడి రొమ్ము మీదుంది. గుండీల పట్టీ కూడా ఆడవాళ్ళ చొక్కాకున్నట్టు తిరగబడింది. మచ్చ ఒక్కటే కాదు, మనిషి మొత్తం తిరగబడ్డాడు. గోడ మీద వెలుగు కలవడానికి నేనే తిప్పాను. వాడు నేనిచ్చింది ఇచ్చినట్టు వేశాడు.”

చిన్నన్న పటం చూశాడు, తన సొంత జేబు తడుముకున్నాడు. మళ్ళీ పటం చూశాడు. పిడి మీంచి చెయ్యి తీశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

“నీకు మొదటి దెబ్బకే తెలుసా?”

నేను తల దించుకున్నాను. ఆ ప్రశ్నకు అంతకన్నా జవాబు ఏముంటుంది? తమ్ముడు కింద నుంచి తలెత్తి నన్ను చూశాడు. ఒక కన్ను అప్పటికే మూసుకుపోయింది. రెండో కన్నుతో చూశాడు.

చిన్నన్న డ్రైవర్ చేతిలోంచి వీల్‌స్పానర్ తీసుకుని తమ్ముడి చేతిలో పెట్టాడు. “మా అన్న నా దెబ్బ తను తిన్నాడు. మీ అక్క తన దెబ్బలు నీ చేత తినిపించింది. కొట్టు. లేకపోతే నీ చెయ్యి మళ్ళీ కట్టర్ మీద పెడతా.”

నేను బల్ల మీద చెయ్యి పెట్టాను. ఎడమ చెయ్యి. ఆ స్థితిలో కూడా మౌస్ పట్టే చేతిని దాచుకున్నాను, నా బుద్ధి అలాంటిది. కొట్టరా, చెయ్యి కాపాడుకో అన్నాను. వాడు మెల్లగా కొడతాడనుకున్నాను. ఉత్తుత్తిగా కొడితే నేనే పెద్దగా అరిచి పడిపోదామని లెక్క కూడా వేసుకున్నాను.

వాడు స్పానర్‌ను రెండు చేతులతో భుజం మీది దాకా ఎత్తాడు. మూడు వేళ్ళు విరిగిన చప్పుడు నాకు నొప్పికన్నా ముందే వినిపించింది. మళ్ళీ ఎత్తాడు. ఒక్కటి చాలని చిన్నన్నే వాడి చెయ్యి పట్టుకుని ఆపాడు. పెద్దావిడ కొంగుతో ముఖం కప్పుకుని కూర్చుంది.

ఇంకో వారంలో సరైన పటం కావాలని చెప్పి వాళ్ళు వెళ్ళిపోయారు. తమ్ముడే నన్ను స్కూటర్ మీద ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. కట్టు కట్టేదాకా బయట బెంచీ మీద దవడకు గుడ్డ అదుముకుని కూర్చున్నాడు.

మర్నాడు పక్క వీధి స్టూడియోలో కంప్యూటర్ అడుక్కుని, నా ఫోన్‌లో మిగిలిన ఫోటోలతో, ఒంటి చేత్తో, మొదట చెయ్యవలసిన పని చేశాను. మనిషిని ఉన్నట్టే ఉంచాను. గోడను తిప్పి, అక్షరాలు ఒక్కొక్కటీ కోసి సరిగ్గా పేర్చాను. కిటికీ ఇప్పుడు ఎడమకు వచ్చింది కాబట్టి ప్రతి అక్షరం నీడా కుడికి వేశాను. మనిషి నీడా కుడికే వేశాను. మచ్చ ఎడమ చెంప మీద, నీడలో, ఉండవలసిన చోట ఉంది. సరిగ్గా ఒక పూట పట్టింది, అంతే. ఆ ఒక్క పూట నేను మొదటే పెట్టి ఉంటే ఎంత బాగుండేది!

ప్రింటు తీసుకెళ్ళి తమ్ముడికిచ్చాను. వాడు గళ్ళు గీసే స్కేలు తీసి, మళ్ళీ కింద పెట్టాడు. ప్రింటు వంక చూడలేదు.

“అక్కా, అసలు ఫోటో కూడా ఇవ్వు,” అన్నాడు.