పిడికిట పిండిన మాట

భాద్రపదమాసపు మేఘములు వర్షింపవలెనన్న తలంపే లేక పడమటినుండి తూర్పునకు మందలు మందలుగా సాగిపోవుచుండ రాత్రిచలి యింకను వీడని మారుతము నల్లరాతిగుట్టల సందులదూరి యీలవేయుచు కొండనెత్తిమీది గాలిమరల తెల్లని రెక్కలను మెల్లమెల్లగ ద్రిప్పుచుండ అప్పుడే పొడమిన బాలభానుని యరుణకిరణములు కల్యాణదుర్గపు త్రోవ మలుపుననున్న యొక రేకులకొట్టముపై బడి దాని తుప్పును సైతము కుంకుమగ మార్చుచుండెను.

ఆ కొట్టము తిప్పక్కది. అందు టీయును ఉగ్గానియు మిరపకాయబజ్జీలును దొరకును. బొరుగులను నీటనానవేసి పిండి తిరుగమోతలో గలిపి చేయు ఆ ఉగ్గానికై లారీలవారు ఆ మలుపున బండి నిలుపక పోరు. ఆకలిగొనివచ్చినవాడు తన కొట్టమునుండి తినకుండ బోయెనన్న మాట యామె బ్రదుకున లేదు. ఆ ఖ్యాతి యామెకు ప్రాణసమానము.

ఆ యుదయమున నచటనున్నవాడు బాబయ్య యొక్కడే. అతడు వేరుసెనగమూటల లారీ నడుపువాడు. పళ్లెముమీద వ్రాలి తినుచుండెను. అంతలో కొండదారి దిగివచ్చిన యొక సైకిలు కొట్టమునెదుట నిలిచెను. దానికి నాలుగువైపుల సంచులు. దానినుండి దిగినది నెరసిన జుట్టు కురుచగ గత్తిరించుకొనిన తెల్లదొరసాని. ఏబదియేండ్లుండును. దిగినదేకాని నిలువలేకపోయెను. పెదవులు పాలిపోయియుండెను. చేతనున్న ఫోనును నొక్కిచూచి నల్లబడిన దాని ముఖమును తిప్పక్కకు జూపి పెదవి విరిచెను. తన భాషను పలికించు ఆ యంత్రము చచ్చిపోయినది. ఇక మిగిలినవి చేతులును కన్నులును మాత్రమే.

బాబయ్య లేచి కొండకవతలివారికి వినిపించునట్లు కేకవేసెను. "మేడం. టిఫిన్. ఉగ్గాని. గుడ్. బజ్జి. గుడ్."

"అరిస్తే తెలుగు వచ్చేస్తాదా బాబయ్యా? ఆయమ్మకు చెవుడు కాదప్పా," అనియెను తిప్పక్క.

అని యామె కొంగుతో జేతులు దుడుచుకొని ఎదురేగి నమస్కరించెను. పరదేశిని బలుకరించుటకు గొంతు చించుకొననక్కఱలేదు. ఎదుటివారి కన్నులు పోవుచోటికి తన కన్నులను బోనిచ్చిన జాలును. దొరసాని కన్నులు బల్లమీదికి బోవుట జూచి తిప్పక్క అరచేయి చాచి బల్లను జూపెను. నీళ్లకుండవైపు పోయి సందేహించి మరలుట జూచి మూతవేసిన సీసాను దెచ్చి యామె యెదుటనే మూత చిటుక్కుమనునట్లు ద్రిప్పి యిచ్చెను. దొరసాని గడగడ త్రాగి ఱొమ్ముపై జేయిడుకొని "ఎల్కె" అనెను. "తిప్పక్క" అని యీమె తన ఱొమ్ము దట్టుకొనెను. తినెదవా యని వ్రేళ్లను నోటికడకు గొనిపోయి యడిగెను. ఎల్కె తలను క్రిందికిమీదికి వేగముగ నూపెను. సరేనని తిప్పక్క మనవారందఱివలె తలను భుజమువైపు వంచెను. ఎల్కె ముఖము వెలవెలబోయెను. ఆమె దేశమున ఆ వంపునకు అర్థము వేరుకాబోలు. అది గ్రహించి తిప్పక్క తానును తలను క్రిందికిమీదికి నూపినంతనే యా ముఖము విచ్చుకొనెను. భాష యనునది యింతలో నేర్వవచ్చును. నేర్వవలెనన్న మనసుండవలెను.

అప్పుడు ఎల్కె దృష్టి బాబయ్య పళ్లెముపై బడెను. ఉగ్గానిమీద వేయించిన వేరుసెనగపప్పులు బంగారుపూసలవలె మెఱయుచుండెను. ఆమె రెండడుగులు వెనుకకు జరిగెను. పప్పును ముట్టక పుల్లతో జూపెను. పిదప నోటిని జూపెను. పెదవులు వాచునట్లు బూరించెను. రెండుచేతులతో గొంతును బిగించి ఊపిరి యాడనట్లు దగ్గి కన్నులు మూసి తలవ్రేలవేసెను. కన్నులు తెఱచి చేతులు రెండును ఱొమ్ముమీద అడ్డముగ బెట్టుకొని పప్పువంక జూచెను.

బాబయ్యకు నవ్వాగలేదు. "ఎప్పుడో గొంతుకు అడ్డం పడినట్లుంది లేక్కా. నమిలి తినకుంటే ఎవురికైనా అంతే. నీళ్లు తాగుతా తినమను."

తిప్పక్కయు మొదట నవ్వబోయినదే. కాని యామె నవ్వు పెదవిమీదనే నిలిచిపోయెను. ఆ యభినయము ముగిసినను ఆ కన్నులలోని భయము ముగియలేదు. వేడుక చూపువారి కన్నులట్లుండవు. కారమునకు వెఱచుచున్నదేమోయని పచ్చిమిరపకాయ నెత్తి చూపెను. ఎల్కె దానిని గైకొని కొన కొఱికి మంటకు ఉస్సుమని నవ్వెను. ఉల్లిగడ్డను జూపెను. తలయూపెను. నిమ్మకాయను జూపెను. తలయూపెను. పప్పులడబ్బా తెఱచునంతలో చేతులు మరల నడ్డముగ బడెను. ఒక్కొక్కటే యడిగినగాని సత్యము తేలదు.

"ఆయమ్మకు ఇది విషం బాబయ్యా."

"శెనక్కాయ విషమా? అట్లయితే మన జిల్లాలో ఒక్కరు మిగిలేటోళ్లు కాదు కదక్కా."

"నీకు పడతాది. నాకు పడతాది. ఆయమ్మకు పడదు. పడదంటే పడదు, అంతే."

ఇక్కడ కథ ముగిసిన మనకందఱకు నిద్రపట్టును. అతిథి చెప్పెను, ఆతిథేయి వినెను, చాలునని తలంతుము. కాని వినుట యనునది యొకమారు చేసి చేయి దులుపుకొను పనికాదు.

తిప్పక్క వేఱు బాణలిని బూడిదతో దోమెను. వేఱు గరిటె తీసెను. బొరుగులు నానవేసెను. పుట్నాలపొడి చూపగా ఎల్కె సంశయించుటచే దానినిగూడ దవ్వుగ నుంచెను. డబ్బానెత్తి నూనె పోయుచుండ ఎల్కె కన్నుబొమలెత్తి ఆ పసిమిధారను జూపి పప్పులడబ్బాను జూపి చేతులడ్డముపెట్టి ప్రశ్నించెను. ఇందు అది లేదుగదా యనుట. తిప్పక్క నానిన బొరుగులను చేత జెదరించి పప్పు లేకుండుటను జూపి చేయి విప్పి లేదని యాడించెను. ఆమె మనసున కల్ల లేదు. పప్పు పప్పే. నూనె నూనెయే. పుట్టినదాదిగ ఆ సీమలో నూనెయన్న నొక్కటే నూనె. ఇంటిలో దీపమునకది. తలకది. తిరుగమోతకది. నీటికి పేరడుగువారు లేనట్లే దానికిని పేరడుగువారు లేరు. మనిషి తన దినదినజీవితమున దేనిని మిక్కిలిగ వాడునో దానినే చూడడు.

ఆవాలు చిటపటలాడెను. పసుపుబొరుగులు పొగలు గ్రక్కెను. తిప్పక్క క్రొత్త యాకున వడ్డించి యిచ్చెను. ఎల్కె సైకిలు సంచిలోని నల్లని చిన్న పొట్లమును దీసి ప్రక్కన నుంచుకొని వ్రేళ్లతో ముద్ద గలుపుకొనెను.

బాబయ్య ముక్కు పైకెత్తి గాలి పీల్చెను. "గానుగ నూనె వాసన గానుగదేనక్కా. పోయిన వారం నా మూటల్లో శెనక్కాయలే కదా ఆడించింది."

ముద్ద పెదవులకు బెత్తెడు దూరమున నుండెను.

తిప్పక్క ముందునకు దూకెను. ఆ చేతిని ఫెడీలున గొట్టెను. ముద్ద మట్టిలో జెదరెను. ఆకు గాలికెగిరెను. ఆకలిగొన్న యతిథి నోటికడి కూటిని గొట్టివేసిన దినము ఆ కొట్టమునకు నదియే మొదటిది. ఎల్కె బెదరి లేచి సైకిలు పిడిని బట్టుకొనెను. వెడలిపోయినచో తిప్పక్క చేసినది యెన్నటికిని అవమానముగనే మిగులును. అంతకంటె ఘోరము, ముందరి మలుపులోని కొట్టమున అదే నూనె యామెకొఱకు కాచియుండును.

తిప్పక్క త్రోవకడ్డముగ బోలేదు. పట్టుకొనలేదు. నాలుగడుగుల దూరమున నిలిచి పప్పులను పిడికెడు తీసికొని పైకెత్తి బిగించి పిండెను. పిండుచు రెండవచేతిని దోసిలిగ క్రింద బట్టెను. పిడికిటినుండి దోసిటికి ధార కారునట్లు వ్రేలితో గీత గీచెను. ఎల్కె కదలక నిలిచియుండుట జూచి ఒక కట్టెను రోటినడుమ నిలిపి భుజము వంచి గానుగెద్దువలె దానిచుట్టు తిరిగెను. నాలుగుచుట్లు తిరిగి వచ్చి మరల పిడికిట బిండి మరల దోసిలిపట్టి ఆ దోసిటిని గొనిపోయి నూనెడబ్బాలో గ్రుమ్మరించినట్లు చూపెను. అటుపైన తన గొంతును తానే రెండుచేతుల బిగించుకొనెను.

ఎల్కె చూపు పిడికిటినుండి దోసిటికిని దోసిటినుండి డబ్బాకును డబ్బానుండి మట్టిలోని ముద్దకును నడచెను. ఆమె నోరు తెఱచుకొనెను. తన చేతివ్రేళ్లను జూచుకొనెను. ముద్ద గలిపిన వ్రేళ్ల నడుమ దద్దుర్లు ఎఱ్ఱగ లేచుచుండెను.

తిప్పక్క సబ్బు దెచ్చెను. బాబయ్య పిలువకయే కడవ నెత్తి నీరు పోసెను. ఎల్కె చేతులను మోచేతులదాక కడిగిరి. ఎల్కె పొట్లమును విప్పి ఊపిరి యాడనపుడు పొడుచుకొను లావుపాటి కలమువంటి సూదిమందును దీసి తొడపై నుంచుకొని బల్లమీద గూర్చుండెను. పెదవులు తడుముకొనుచు ఊపిరి బీల్చి విడుచుచు తన లోపలి చప్పుడును వినుచున్నట్లుండెను. ఆ మువ్వురును ఆమె ఊపిరినే వినిరి. సృష్టిలో మఱియొక పని లేనట్లు వినిరి. లారీ పోయిన నెవరును తలయెత్తలేదు. కొంతసేపటికి దద్దుర్లు అణగెను. ఎల్కె దీర్ఘముగ నిట్టూర్చి కలమును పొట్లమున బెట్టెను.

"నేను పెడతాండేది ఏమో నాకే తెలీకపాయె గదా బాబయ్యా," అనియెను తిప్పక్క మెల్లగ.

"నాకు మాత్రం తెలుసా? వాసన బాగుందని అంటి. అంతే."

"నీ ముక్కు సల్లగుండ."

అయినను ఆకలి అట్లే యున్నది. తిప్పక్క చేతులను సబ్బుతో రెండుమారులు తోమి ఎల్కెకు జూపి గాలికారబెట్టెను. దుకాణమున నింతవఱకు పొయ్యినెక్కని క్రొత్త గిన్నెలో నీరుపోసి గ్రుడ్లను పెంకుతోడనే యుడికించెను. అరటిగెలనుండి పండ్లను విడదీయక గుత్తిగనే కోసి యుంచెను. ఏ చేయియు జొరని తిండి ప్రకృతియే మూతవేసి పంపినది. ఎల్కె తానే పెంకు దీసెను. తానే తోలు వలిచెను. తినుచు తినుచు కన్నీరు దుడుచుకొనెను. తిప్పక్క ఎదురుగ గూర్చుండి యొక దేశమువారి ప్రాణాధారము మఱియొకరి ప్రాణాంతకమగు వింతను దలంచుచు ఆమె మ్రింగు ప్రతికబళమును కొండలు చీలి దారియిచ్చుట జూచినదానివలె చూచుచుండెను.

వెడలునపుడు ఎల్కె కౌగిలింపబోయి తిప్పక్క చీరెమీది నూనెమరకలను జూచి యాగెను. తిప్పక్కయు నాగి వెనుకకు దప్పుకొనెను. ఆ దూరమున ప్రేమకు గొఱత లేకుండెను. పిదప ఎల్కె వట్టిపిడికిలి పైకెత్తి పిండి దోసిలిపట్టి కన్నుబొమలెత్తి యడిగినట్లు చూపెను. సరియా యనుట. తిప్పక్క ఆ పిడికిలిని ఇంక కొంచెము క్రిందికిని ఆ దోసిలిని ఇంక కొంచెము దగ్గఱకును జరుపునట్లు దూరమునుండియే దిద్దెను. ఎల్కె మరల చేసెను. ఈసారి తప్పులేదు. ఇకమీద ఏ కొట్టమున నేమి తినబోయినను ముందుగ నడుగవలసిన మాట యామెకు దొరికెను. ఆ మాటకు శబ్దము లేదు. అక్షరము లేదు. ఆ సీమలో దాని నెఱుగని ముసలియు లేదు.

"ఆ రోడ్డుకు రెండుపక్కలా ఏం పంటో ఆయమ్మకు తెలుసా అక్కా?" అని యడిగెను బాబయ్య.

తిప్పక్క సైకిలు పోయినవైపు చూచెను. పచ్చగ నేలనంటి పసుపుపూలు బూచి కనుచూపు ముగియుదాక పఱచుకొనిన ఆ వేరుసెనగచేల నడుమ సన్నని నల్లని బాటపై తనకు మృత్యువగు పైరును ఇరుప్రక్కల నుంచుకొని ఆ నెరసిన తల వెఱపులేక సాగిపోవుచుండెను. ఒకమారు సైకిలు పిడిని విడిచి యొక చేయి పైకి లేచెను. పిడికిలి బిగిసెను. విప్పుకొనెను.