ఆరో సీటు

కామారెడ్డి బస్ టికెట్ల కౌంటర్‌లో సుదర్శన్ లెక్క చెప్పాడు. "పుణె నుంచి దసరాకు ఇప్పుడైతే సీటుకు పన్నెండు వందలు, అవ్వా. పండుగ వారంల రెండున్నర వేలైతది. ఇప్పుడే తీసుకో."

పుణెలో ఉన్న చిన్నకొడుకు కుటుంబం ఐదుగురి కోసం ఎల్లారెడ్డి నుంచి వచ్చిన అనసూయమ్మ తల అడ్డంగా ఊపింది. "ముందుగాల తీసిన రెండేండ్లూ ఒక సీటు ఖాళీగనే వచ్చింది. పండుగ రాకముందే మొదలు పెద్దకొడుకు పోయిండు. నిరుడు వాని పెండ్లాం."

సుదర్శన్ బేరం మాత్రం వదల్లేదు. "చివర్ల ఐదుగురికి పన్నెండున్నర వేలు. ఇప్పుడు ఆరు సీట్లు తీసినా ఏడు వేల రెండు వందలే."

"ఆరా?" ఆమె ముఖం వికసించింది. "అయితే ఆరు తియ్యి. ఖాళీ అయ్యేది బయటోళ్ల సీటే అయితది."

"ఆరో టికెట్‌కు పేరు కావాలె గద."

ఆమె అతన్ని ప్రేమగా చూసింది.

"నీ పేరేంది, బిడ్డా?"