రెండో కప్పు

సినిమాను వినికిడి లేనివాళ్లకు అక్షరాల్లో, చూపు లేనివాళ్లకు మాటల్లో అందించడం నా పని. ఈ సినిమాకు అక్షరాల పని అయిపోయింది. తెర మీద కనిపించని ఫోన్ మోత కూడా రాశాను. మాటలకు గొంతు కూడా నాదే. వాటిని విని సరే అనాల్సింది పుట్టుకతో చూపు లేని టీచరమ్మ. ఆమె కాదంటే సినిమా బయటికి పోదు.

సినిమా చివర్లో, భార్య పోయిన ముసలాయన బల్ల మీద రెండు కప్పులు పెడతాడు. డైలాగు లేని ఆ కాస్త జాగాలో నేను, "తీరని దుఃఖంతో ఆమెకూ కప్పు పెట్టాడు" అని చదివాను.

టీచరమ్మ ఆపమంది. "అన్నయ్యగారూ, రెండో కప్పు చప్పుడు మీ మాటల కింద నలిగిపోయింది. దుఃఖమని కూడా మీరే చెప్పాలా? అన్నం నమిలి పెడతారా ఏం?"

నాకు ఒళ్లు మండింది. కానీ నా భార్య పోయిన రోజున నా బాధ ఎలాంటిదో నాకే వర్ణించి చెప్పిన చుట్టాలు గుర్తొచ్చారు. వాళ్లను నేటికీ క్షమించలేదు.

ఆ వాక్యం కొట్టేశాను. కప్పుల చప్పుడుకు ముందే, "ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది" అని చదివి ఊరుకున్నాను.

మళ్లీ వేశాం. ఒక కప్పు టక్కుమంది. కాసేపటికి రెండోది.

టీచరమ్మ నల్లకళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. "ఇక పంపించెయ్యండి," అంది. లేస్తూ అడిగింది. "మీ ఇంట్లో ఎన్ని కప్పులు అన్నయ్యగారూ?"

"రెండు. రెండోది ఊరికే కడిగి పెడతాను."